ఆఖరి మెయిల్‌కు అలంకారాలెందుకు?

జర్మనీలో ఉద్యోగం మానేసి వెళ్ళేవాడికి ఆఫీసువాళ్ళు విందు ఇవ్వరు. వెళ్ళేవాడే అందరికీ పెట్టాలి. దాన్ని అక్కడ ఆవుస్‌ష్టాండ్ అంటారు. ఇంట్లో చేసిన కేకో, వెన్న రాసిన బ్రెజెల్ రొట్టెలో తెచ్చి, కాఫీ మెషీను పక్కన బల్లమీద సర్ది, ఫలానా టైముకి రండని పిలుస్తాడు. ఆ సరికే టీములో ఒక కవరు గుట్టుగా చేతులు మారి ఉంటుంది. అందులో తలా కాస్త వేసిన డబ్బు, అందరూ సంతకాలు పెట్టిన కార్డు ఉంటాయి. మేనేజరు రెండు ముక్కలు మాట్లాడి కవరు చేతికిస్తాడు. ఇక అందరూ కాఫీ కప్పులు పట్టుకుని వెళ్ళేవాడి మొహం వైపు చూస్తారు. నాలుగేళ్ళు బ్రేకుల గురించి ఆ ఇంగ్లీషులోనే వాదించిన మనవాడికి సరిగ్గా అప్పుడే మాట పెగలదు.

మా మేనల్లుడికి ఆ గండం ఒక వారం ముందే తెలిసింది. వాడిది తెనాలి. స్టుట్‌గార్ట్ దగ్గర కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో బ్రేకుల పరీక్షల విభాగంలో నాలుగేళ్ళు పనిచేసి, వేరే ఊళ్ళో ఇంతకన్నా మంచి అవకాశం రావడంతో రాజీనామా ఇచ్చాడు. రాజీనామా ఇవ్వడం తేలికే అయింది. అక్కడి చట్టం ప్రకారం అది ఈమెయిల్లో చెల్లదు, కాగితం మీద సిరాతో సంతకం పెట్టి ఇవ్వాలి. రెండు లైన్లు రాసి ఇచ్చేశాడు. వీడ్కోలు మెయిల్ మాత్రం మూడు రాత్రులు రాసి చెరిపి, చివరికి నాకు పంపాడు. నేను డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయినదాన్ని. "అత్తా, ఒక్కసారి చూసి పాలిష్ పెట్టు" అన్నాడు.

చదివాను. పాలిష్ పెట్టాల్సిన అవసరమే లేదు, ఉన్న పాలిష్ గీకెయ్యాలి.

మొదటి వాక్యం ఇలా ఉంది: "ఐ వుడ్ లైక్ టు టేక్ దిస్ ఆపర్చునిటీ టు ఎక్స్‌ప్రెస్ మై హార్ట్‌ఫెల్ట్ గ్రాటిట్యూడ్ టు ఈచ్ అండ్ ఎవ్రీ వన్ ఆఫ్ యూ పీపుల్ ఫర్ యువర్ కాన్‌స్టంట్ సపోర్ట్ అండ్ గైడెన్స్ త్రూఅవుట్ దిస్ వండర్‌ఫుల్ జర్నీ." ఇంత పొడుగు వాక్యంలో ఎవరు ఏం చేశారన్న సంగతి ఒక్కటీ లేదు. దీన్ని చెన్నైలో బ్యాంకు మానేసే మనిషీ పంపొచ్చు, దుబాయిలో హోటలు మానేసే మనిషీ పంపొచ్చు. ఇంకొంచెం కిందికి వెళితే "బిటర్‌స్వీట్ మొమెంట్", "ఎండ్ ఆఫ్ యాన్ ఎరా", "దిస్ ఈజ్ నాట్ ఎ గుడ్‌బై" వగైరాలు వరసగా ఉన్నాయి. ఇంటర్నెట్లో దొరికే నమూనాల్లోంచి ఏరుకొచ్చినవని చూడగానే తెలుస్తుంది.

"ఇది ఎవరెవరు చదువుతార్రా?" అనడిగాను. వాడు లెక్కచెప్పాడు. ముగ్గురు జర్మన్లు, పోలండ్ ఆవిడ ఒకరు, బ్రెజిల్ అతను, టర్కీ అతను, స్పెయిన్ అతను, చైనా అమ్మాయి, పుణె నుంచి పనిచేసే ఇద్దరు. ఇంగ్లీషు వీళ్ళలో ఒక్కరికీ ఇంటి భాష కాదు. పది మందీ దాన్ని నేర్చుకున్నవాళ్ళే, పని కోసం వాడుకుంటున్నవాళ్ళే.

అసలు కీలకం ఇక్కడే ఉంది. వీడ్కోలు ఇంగ్లీషు అనగానే మనవాళ్ళ బుర్రలో లండన్ దొర ఒకడు కూర్చుని తప్పులు పడుతుంటాడు. ఆ గదిలో ఆ దొర లేడు. ఇలా ఎవరి సొంతమూ కాని ఇంగ్లీషులో పదిదేశాలవాళ్ళు మాట్లాడుకునే తీరును భాషావేత్తలు చాలాకాలంగా పరిశీలిస్తున్నారు. వియన్నా విశ్వవిద్యాలయంలో బార్బరా సైడ్‌ల్‌హోఫర్ బృందం ఇలాంటి సంభాషణలను రికార్డు చేసి, సుమారు పది లక్షల మాటల భాండారాన్ని 2009లో అందరికీ అందుబాటులో పెట్టింది. ఈ రంగంలో పనిచేసినవాళ్ళు తరచూ చూసిందేమిటంటే, "షీ హెల్ప్స్" అనాల్సినచోట "షీ హెల్ప్" అన్నంత మాత్రాన మాట ఆగిపోదు. అవతలివాడు అర్థం చేసుకుని ముందుకు వెళ్ళిపోతాడు. మాట ఆగేది ఒకరికే తెలిసిన నుడికారం వాడినప్పుడు. ఎవరో ఒకరు గొప్పగా ఒక జాతీయం విసురుతారు, మిగతావాళ్ళు నవ్వాలో ఊరుకోవాలో తెలియక తల ఊపుతారు. మా వాడి "ఎండ్ ఆఫ్ యాన్ ఎరా" సరిగ్గా అటువంటిదే. దాని బదులు "ద" మర్చిపోయిన మామూలు వాక్యం ఒకటి ఉన్నా నష్టం లేదు.

వాక్యం పొడుగు సంగతి వాడికి వాడి పనిలోంచే చెప్పాను. విమానాలు బాగుచేసేవాళ్ళ మాన్యువళ్ళను నానా దేశాల మెకానిక్కులూ తప్పు లేకుండా చదువుకోవాలని, సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లీష్ అనే నియమాల పుస్తకం 1980లలోనే తయారు చేశారు. అందులో పని చెప్పే వాక్యానికి 20 మాటలు, విషయం వివరించే వాక్యానికి 25 మాటలు గరిష్ఠ హద్దు. ఒక మాటను ఒకే అర్థంలో వాడాలి. బోల్టు బిగించమని చెప్పడానికి పనికొచ్చిన కొలత మనసులో మాట చెప్పడానికీ పనికొస్తుంది. చదివే మనుషులు అలాంటివాళ్ళే కదా. మెయిల్ పైకి చదివి చూసుకోమన్నాను. ఫుల్‌స్టాప్ రాకుండానే ఊపిరి తీసుకోవాల్సి వస్తే ఆ వాక్యాన్ని అక్కడ విరవాలి.

ఈ విరవడాలు, కొట్టేయడాలు ఎవరైనా చెయ్యగలరు. చిక్కంతా ఇంగ్లీషుది కాని చోట ఉంది. తెలుగు మర్యాద ఇంగ్లీషులోకి దిగేటప్పుడు వచ్చే చిక్కు అది. వాడి మెయిల్లో రెండు చోట్ల కనిపించింది.

మెయిల్ చివర వాడు "ఇఫ్ ఐ హావ్ హర్ట్ ఎనీవన్ నోయింగ్లీ ఆర్ అన్‌నోయింగ్లీ, ప్లీజ్ ఫర్‌గివ్ మీ" అని రాశాడు. మనకిది వినీ వినీ అలవాటైన మాట. పదవీ విరమణ సభల్లో, పెళ్ళివారిని సాగనంపేటప్పుడు, బదిలీ మీద వెళ్ళేటప్పుడు "తెలిసో తెలియకో ఎవరి మనసైనా నొప్పించి ఉంటే మన్నించండి" అంటాం. అన్నవాడు ఎవరినో నొప్పించాడని ఎవరూ అనుకోరు. దండ వేసినట్టు, నమస్కారం పెట్టినట్టు అదొక మర్యాద. ఆ వాక్యం ఉంచాలా తీసెయ్యాలా అని మా ఇద్దరికీ వాదన వచ్చింది. "మన పద్ధతి మనది, ఉంటే తప్పేంటత్తా?" అన్నాడు. టీములో నీకు చనువున్న మనిషికి చూపించమన్నాను. మర్నాడు పోలండ్ ఆవిడకు చూపించాడు. ఆవిడ ఆ వాక్యం దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "వాట్ హాపెండ్? హూ డిడ్ యూ హర్ట్?" అని అడిగిందట.

ఆవిడ తప్పు లేదు. ఆవిడ ఇంగ్లీషులో క్షమాపణ అంటే వెనక ఒక సంఘటన ఉండాలి. సంఘటన లేని క్షమాపణ కనబడితే ఎక్కడో ఏదో దాస్తున్నాడనే తోస్తుంది. పదిమందికి ఒకేసారి పంపితే ఆ పదిమందీ ఎవరికి వాళ్ళు గతం తవ్వుకోవడం మొదలుపెడతారు. అలాగని మనసులో నిజంగా ఏదైనా ఉంటే మింగెయ్యాల్సిన పని లేదు. మా వాడికి అలాంటిది ఒకటుంది. ఒకసారి పరీక్ష లెక్కలు ఆలస్యంగా ఇచ్చినందుకు స్పెయిన్ అతను కూతురి పుట్టినరోజు సాయంత్రం ఆఫీసులో ఉండిపోవాల్సి వచ్చింది. ఆ సంగతి మెయిల్లోంచి బయటికొచ్చి కాఫీ మెషీను దగ్గరికి చేరింది. "ఐ గేవ్ యూ ద డేటా లేట్. యూ మిస్డ్ యువర్ డాటర్స్ బర్త్‌డే. ఐ యామ్ సారీ." ఎదురుగా నిలబడి ఈ మూడే ముక్కలు చెప్పాడు. అతను అప్పుడే మర్చిపోయానన్నాడట. నిజంగా మర్చిపోయాడో లేదో మనకు తెలియదు గానీ మాట చేరింది.

రెండో చిక్కు గౌరవానిది. మనకు "మీరు" ఉంది, "గారు" ఉంది, "అండీ" ఉంది, క్రియ చివర కూడా గౌరవం ఉంటుంది. ఇంగ్లీషులో అవన్నీ ఊడిపోయి "యూ" ఒక్కటే మిగులుతుంది. 58 ఏళ్ళ విభాగాధిపతిని పేరు పెట్టి పిలవడం మొదటి ఏడాదంతా మా వాడికి గొంతులో ముల్లయింది. ఆ లోటు పూడ్చుకోవడానికే మనవాళ్ళు "రెస్పెక్టెడ్", "ఎస్టీమ్డ్", "కైండ్‌లీ" అంటూ మాటలు పేరుస్తారు. పదో తరగతి లెటర్ రైటింగ్‌లో మొదలైన అలవాటు. పేర్లతో పిలుచుకునే టీములో హఠాత్తుగా "రెస్పెక్టెడ్ సర్" అని కనిపిస్తే పెద్దాయనకు గౌరవంగా తోచదు, మనిషి దూరం జరిగినట్టు తోస్తుంది.

మరి గౌరవం ఎక్కడ చూపించాలి? మాటలో కుదరనప్పుడు క్రమంలో చూపించవచ్చు. వెళ్ళిపోతున్న సంగతి మొదట మేనేజరుకు గదిలో చెప్పాలి. ఆ తర్వాత దగ్గరగా పనిచేసినవాళ్ళకు ఒక్కొక్కరికి నోటితో చెప్పాలి. మెయిల్ అన్నిటికన్నా చివర వెళ్ళాలి. నాలుగేళ్ళు పక్కన పనిచేసిన మనిషికి మన వార్త మెయిల్లో తెలిస్తే ఆ మెయిల్లో ఎన్ని "హార్ట్‌ఫెల్ట్"లు ఉన్నా లాభం లేదు. మా వాడి ల్యాబులో ఒక పెద్ద వయసు టెక్నీషియన్ ఉన్నాడు. స్వాబియన్ యాసలో జర్మన్ తప్ప ఇంగ్లీషు ఆయనకు రెండు ముక్కలే వచ్చు. పరీక్ష బల్ల మీద బ్రేకు డిస్కు ఎర్రగా కాలినప్పుడు చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది ఆయనే. ఆయనకు మెయిల్లో కృతజ్ఞతలు రాసి ఏం ప్రయోజనం? ల్యాబుకు వెళ్ళి జర్మన్‌లో "డాంకే ఫ్యూర్ ఆలెస్" అన్నాడు. అన్నిటికీ ధన్యవాదాలని. ఆయన చేతి తొడుగు తీసి చెయ్యి కలిపాడు.

మొదటి వాక్యంలోని "యూ పీపుల్" సంగతి కూడా చెప్పాలి. మన ఆఫీసుల్లో "మీరంతా" అనే అర్థంలో ఇది ధారాళంగా వాడతాం. ఇంగ్లీషు ఇంటి భాషగా ఉన్నవాళ్ళకు ఇందులో "మీ జాతి, మీ బాపతు" అన్న ఈసడింపు వినిపిస్తుంది. ఈ టీములో అలాంటివాళ్ళు లేకపోయినా మెయిల్ ఎవరెవరికి ఫార్వర్డ్ అవుతుందో చెప్పలేం. "ఆల్ ఆఫ్ యూ" అంటే సరిపోతుంది.

కొట్టేయాల్సినవి కొట్టేశాక మెయిల్లో ఏమీ మిగల్లేదు. వాడు బెంగపడ్డాడు. అప్పుడు ఒక పని చెప్పాను. టీములో ప్రతి మనిషి పేరూ కాగితం మీద రాసి, ఎదురుగా ఆ మనిషి నీకు చేసిన ఒక్క పని తెలుగులోనే రాయి అన్నాను. "సపోర్ట్ చేశాడు" అని రాయకూడదు. కెమెరా పెడితే అందులో ఏం కనబడేదో అది రాయాలి. రాత్రి పదకొండింటికి కూర్చుని రాశాడట. పోలండ్ ఆవిడ: మొదటి ఆరు నెలలు నా రిపోర్టులన్నీ మేనేజరుకు వెళ్ళేముందు ఎర్ర పెన్నుతో దిద్దింది, ఎవరికీ చెప్పలేదు. బ్రెజిల్ అతను: ఇల్లు దొరకనప్పుడు ఇంటాయనకు నా తరఫున జర్మన్‌లో ఫోన్ చేశాడు. చైనా అమ్మాయి: మీటింగులో నేను మాట్లాడబోయి ఆగినప్పుడల్లా "అతను ఏదో చెప్పాలనుకుంటున్నాడు" అని అందరినీ ఆపింది. పుణె వాళ్ళు: ఇక్కడ శుక్రవారం సాయంత్రం కోసం అక్కడ రాత్రి మేలుకున్నారు.

ఇద్దరి ఎదురుగా ఏమీ రాయలేకపోయాడు. ఆ ఇద్దరితో పెద్దగా పనిపడలేదు. వాళ్ళ కోసం ఏదో కల్పించకుండా "ఆల్ ఆఫ్ యూ"లో కలిపేశాడు. నాకు నచ్చింది. అందరికీ సమానంగా పంచాలని చూస్తే నిజమైనవి కూడా నకిలీగా కనిపిస్తాయి.

తెలుగులో ఉన్నదాన్ని ఇంగ్లీషులో పెట్టడం ఇక పెద్ద పని కాలేదు. జరిగినవి మామూలు భూతకాలంలో, ఇప్పటి మనసు వర్తమానంలో, ఇకముందు సంగతి "విల్"తో. మూడు కాలాలు చాలు. "ఐ యామ్ హావింగ్ సో మెనీ మెమొరీస్" లాంటి మెలికల జోలికి పోలేదు. చివరికి తయారైన మెయిల్లో నడిమి భాగం ఇది:

"ఫోర్ ఇయర్స్ ఎగో ఐ అండర్‌స్టుడ్ బ్రేక్స్, బట్ ఐ కుడ్ నాట్ రైట్ ఎ గుడ్ రిపోర్ట్." ఆ తర్వాత పోలండ్ ఆవిడను పేరుతో పలకరించి, "యూ కరెక్టెడ్ మై రిపోర్ట్స్ విత్ ఎ రెడ్ పెన్ ఫర్ సిక్స్ మంత్స్. యూ నెవర్ టోల్డ్ ఎనీవన్. టుడే ఐ చెక్ అదర్ పీపుల్స్ రిపోర్ట్స్. ఐ లెర్న్‌డ్ దట్ ఫ్రమ్ యూ." బ్రెజిల్ అతనికి: "యూ కాల్డ్ మై లాండ్‌లార్డ్ ఇన్ జర్మన్. మై వైఫ్ అండ్ ఐ గాట్ ఎ హోమ్ బికాజ్ ఆఫ్ దట్ కాల్." చైనా అమ్మాయికి: "ఇన్ మీటింగ్స్ యూ మేడ్ స్పేస్ ఫర్ మై వాయిస్. ఐ విల్ డూ ద సేమ్ ఫర్ అదర్స్."

వాళ్ళు ఏం చేశారు, దానివల్ల నాకు ఏమైంది అన్న రెండిటిని పక్కపక్కన పెట్టడంతోనే మెయిల్ నిండింది. "రుణం తీర్చుకోలేను" అనే మాట కోసం మొదట వాడు "ఐ విల్ నెవర్ బీ ఏబుల్ టు రీపే" అని రాయబోయాడు. "ఐ లెర్న్‌డ్ దట్ ఫ్రమ్ యూ"లో అది ఎలాగూ వచ్చేసింది. ఆ మనిషి ఎప్పుడో మర్చిపోయిన ఎర్ర పెన్నును మనం గుర్తుపెట్టుకున్నామంటే ఇక రుణం మాట వేరే ఎత్తాలా?

అయినా వాడికి ధైర్యం చాల్లేదు. "అత్తా, మరీ ఐదో క్లాసు ఇంగ్లీషులా లేదూ?" అన్నాడు. "ఉంటే ఉండనీరా. నీకు మార్కులు వేసేవాళ్ళు అక్కడ లేరు, ఉన్నవాళ్ళు నిన్ను సాగనంపేవాళ్ళు" అన్నాను.

ఇక తేదీ, వేళ. ఇందులో బోర్లాపడేవాళ్ళు ఎక్కువ. వాడి కాంట్రాక్టు జూన్ 30న ముగుస్తుంది. కానీ వాడని సెలవులు పదకొండు ఉన్నాయి. మధ్యలో శనాదివారాలూ పండగ సెలవూ కలిసొచ్చి, ఆఫీసులో అసలు చివరి రోజు జూన్ 12 అయింది. మెయిల్లో "మై లాస్ట్ డే ఈజ్ జూన్ 30" అని ఉంటే, కలుద్దామని 20న వచ్చేవాళ్ళకు ఖాళీ కుర్చీ కనిపిస్తుంది. అందుకని "మై లాస్ట్ డే ఇన్ ద ఆఫీస్" అని రాసి ఆ తేదీ వేశాడు.

చివరి రోజు సాయంత్రం నాలుగున్నరకు మెయిల్ పంపి లాప్‌టాప్ అప్పగించేసి వెళ్ళిపోవడం చాలామంది చేసే పని. జర్మనీలో వేసవిలో నాలుగున్నర అంటే పుణెలో రాత్రి ఎనిమిది. వాళ్ళు మర్నాడు పొద్దున చూసి జవాబు రాస్తారు. అప్పటికి అకౌంటు మూసేసి ఉంటారు, జవాబులు ఎవరూ తెరవని పెట్టెలో పడతాయి. మా వాడు ముందు రోజు పొద్దున తొమ్మిదిన్నరకు పంపాడు. పుణెలో అప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట. సొంత ఈమెయిల్ చిరునామా చివర స్పష్టంగా ఇచ్చాడు. టీముకు పేర్లు కనబడేలా పంపి, మిగతా విభాగాలవాళ్ళకు మూడు లైన్ల మెయిల్ వేరేగా బీసీసీలో పంపాడు. ఆ పెద్ద జాబితాలో ఒకరు రిప్లై ఆల్ నొక్కితే వందమందికి వెళుతుంది, వీడ్కోలు కాస్తా విసుగైపోతుంది. మెయిల్లోనూ నోటితోనూ కూడా జీతం, కొత్త కంపెనీ గొప్ప, పాత కంపెనీ లోపాలు ఎత్తలేదు.

ఆవుస్‌ష్టాండ్ రోజు బ్రెజెళ్ళతో పాటు వాడి భార్య సున్నుండలు చేసి పంపింది. ఐరోపాలో ప్యాకెట్ల మీద అలర్జీ కలిగించే సరుకుల పేర్లు ప్రత్యేకంగా కొట్టొచ్చినట్టు అచ్చువేయడం తప్పనిసరి కాబట్టి, ఇంటి నుంచి తెచ్చినదానిలోనూ ఏముందని అడగడం అక్కడివాళ్ళకు అలవాటు. పళ్ళెం ముందు ఒక చీటీ పెట్టాడు: "రోస్టెడ్ లెంటిల్ ఫ్లోర్, షుగర్, బటర్. నో నట్స్. నో ఎగ్. నో జెలటిన్." టర్కీ అతను ఆ చివరి ముక్క చదివి రెండు తీసుకున్నాడు. జెలటిన్ చాలా మిఠాయిల్లో పందినుంచి తీసిందే ఉంటుంది మరి. మినుముల చరిత్ర, అమ్మమ్మ తిరగలి, ఇవేవీ చెప్పకుండానే చీటీ పని జరిగింది.

మాట్లాడటం రెండు నిమిషాలు. మెయిల్లో ఉన్నదే చదివితే బాగుండదు గనక దానిలోంచి ఒక్క సంగతే తీసుకున్నాడు, చైనా అమ్మాయి మీటింగులు ఆపిన సంగతి. ఉచ్చారణ గురించి వాడి భయం వాడికుంది. ఈ విషయంలో జెన్నిఫర్ జెంకిన్స్ 2000లో వేసిన పుస్తకం ఒకటి మనకు ఊరటనిస్తుంది. వేరువేరు భాషలవాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడుకుంటే ఏ ధ్వని తప్పితే అర్థం చెడుతుంది, ఏది తప్పినా చెడదు అని ఆమె పరిశీలించారు. ఆమె చెప్పినదాని ప్రకారం "థ" శబ్దం దొరలా పలక్కపోయినా ఫరవాలేదు. హల్లు చివర ఒక అచ్చు తగిలించడం కన్నా హల్లునే మింగెయ్యడం ఎక్కువ ప్రమాదం. అంటే మన "బస్సు", "టెస్టు" ఎవరినీ పెద్దగా ఇబ్బంది పెట్టవు. కొంప ముంచేది హ్రస్వదీర్ఘాలు కలిపెయ్యడం, వాక్యంలో ముఖ్యమైన మాటను ఊని పలక్కపోవడం. మనవాళ్ళకు మూడోది కూడా ఉంది. కంగారు పుడితే వేగం పెరిగి వాక్యాలన్నీ ఒకే గాటన పోతాయి. అందుకని వాడు కార్డు మీద వాక్యానికొక లైను చొప్పున పెద్ద అక్షరాలతో రాసుకుని, ప్రతి లైను చివరా తలెత్తి ఒక మొహం చూసి మళ్ళీ కిందికి చూశాడు. వేగం దానంతటదే తగ్గింది.

తమాషా ఏమిటంటే, అదే వారం కంపెనీ వాడికి ఒక ప్రశంసాపత్రం ఇచ్చింది. నిండా అతిశయోక్తులే. జర్మనీలో ఉద్యోగం మానేసే ప్రతివాడికీ పనితీరు పత్రం అడిగి తీసుకునే హక్కు చట్టంలో ఉంది. ఆ పత్రం పైకి పొగడ్తలా ఉండాలి, లోపల గ్రేడు ఉంటుంది. "ఎల్లప్పుడూ మాకు అత్యంత సంపూర్ణమైన సంతృప్తి కలిగించాడు" అంటే మొదటి శ్రేణి. అందులోంచి "ఎల్లప్పుడూ", "అత్యంత" తీసేసి "సంపూర్ణ సంతృప్తి" అని మాత్రమే ఉంచితే మూడో శ్రేణి, అంటే మామూలు. ఇంతకన్నా ఎక్కువ కావాలంటే ఆ అర్హత ఉద్యోగే నిరూపించుకోవాలని అక్కడి సమాఖ్య కార్మిక న్యాయస్థానం 2014లో చెప్పింది కూడా. చివర్లో "వెళ్ళిపోతున్నందుకు విచారిస్తున్నాం, కృతజ్ఞతలు, శుభాకాంక్షలు" అన్న ముక్తాయింపు లేకపోతే తర్వాతి కంపెనీవాళ్ళు కనుబొమ్మలు ముడేస్తారు. మాటల మీద ఇంత లెక్కాజమా ఉన్న చోట పెద్ద విశేషణాలు చూస్తే జనం ఎందుకు కదలరో ఊహించవచ్చు. వాళ్ళకు అది హెచ్‌ఆర్ భాష. ఆ పత్రం వెళ్ళకముందే చదివించుకుని, అవసరమైతే మార్పులు అడగడం మర్చిపోకూడదు. వీడ్కోలు కేకు తిన్నాక అడిగితే ఫోనుల చుట్టూ తిరగాలి.

మెయిల్ పనిచేసిందా లేదా అన్నది జవాబుల్లో తెలుస్తుంది. అందరికీ పనికొచ్చే మెయిల్‌కు అందరూ రాసే జవాబే వస్తుంది, "ఆల్ ద బెస్ట్" అని. మా వాడికి అలాంటివి వచ్చాయి, పేర్లు రాయని ఇద్దరి దగ్గర నుంచి. మిగతావాటిలో కొత్త సంగతులు ఉన్నాయి. ఇంటాయన మొదట ఫోను పెట్టేశాడనీ, తాను మళ్ళీ చేశాననీ బ్రెజిల్ అతను రాశాడు. ఆ రెండో ఫోను సంగతి వీడికి నాలుగేళ్ళు తెలియదు. తాను చేరిన కొత్తలో తన రిపోర్టులూ ఒకావిడ ఇలాగే దిద్దిందని పోలండ్ ఆవిడ రాసింది. పుణె అబ్బాయి తెలుగువాడు కాడు గానీ, "భయ్యా, మా పేర్లు కూడా రాశావు" అని మాత్రం రాశాడు. దూరంగా కూర్చుని పనిచేసేవాళ్ళను ఇలాంటి మెయిళ్ళలో తరచూ మర్చిపోతారు కాబోలు.

ఈ పద్ధతి అన్ని సందర్భాలకూ నప్పదు. మంచి ఉద్యోగం దొరికి వెళ్ళేవాడికి కృతజ్ఞత తేలిగ్గా వస్తుంది. ఈ మధ్య జర్మన్ వాహన పరిశ్రమలో కోతలు పడుతున్నాయి. పొమ్మంటే పోతున్నవాడినీ, పైవాడితో పడక వదిలేస్తున్నవాడినీ ఎర్ర పెన్నులు గుర్తుచేసుకోమనడం అన్యాయం. అలాంటివాళ్ళు లేని సంతోషం రాస్తే ఉండిపోయినవాళ్ళకు అది వెంటనే తెలిసిపోతుంది, కోపం రాస్తే ఆ మెయిల్ ఎన్నేళ్ళయినా ఎవరి ఫోల్డర్లోనో ఉంటుంది. వాళ్ళకు మూడు వాక్యాలు చాలు. ఫలానా రోజు నా చివరి రోజు, నా పని ఫలానా వాళ్ళకు అప్పగించాను, నన్ను కలవాలంటే ఈ చిరునామాకు రాయండి. మనసుకు దగ్గరైన ఒకరిద్దరు ఉంటే వాళ్ళకు విడిగా, రాతలో కాకుండా, క్యాంటీన్లో ఎదురుగా కూర్చుని చెప్పుకోవచ్చు.